పెన్సిల్ స్కెచ్‌ను రంగుల బొమ్మగా మార్చడం: స్ట్రెంగ్త్ ఎంత పెట్టినా ఏదో ఒకటి చెడుతోంది

పెన్సిల్_ముక్క

పిల్లల పత్రికలో ఒక కథకు బొమ్మ వేస్తున్నాను. వేపచెట్టు కింద నులక మంచం. మంచం మీద కూర్చుని చేటలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అమ్మమ్మ. మంచం కోడు పట్టుకుని నిలబడిన ఐదేళ్ల మనవడు. ఏ4 కాగితం మీద పెన్సిల్‌తో గీసి, ఫోనుతో ఫొటో తీసి, నా కంప్యూటర్‌లోనే ఉన్న ఆటోమేటిక్1111లో img2img కి ఇచ్చాను. స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 మీద తయారైన ఒక బొమ్మల మోడల్, 768x512 సైజు, 30 స్టెప్పులు, సీఎఫ్‌జీ 7.

Denoising strength 0.3 పెడితే నా పెన్సిల్ గీతలే కాస్త మసకబారి తిరిగి వస్తున్నాయి, రంగు జాడే లేదు. 0.75 పెడితే రంగులు కళకళలాడుతున్నాయి కానీ ఆ బొమ్మ నాది కాదు. నులక మంచం పార్కు బెంచీ అయిపోయింది. చేట పూలబుట్ట అయింది. మనవడు ఒకసారి ఆడపిల్లగా మారాడు, ఇంకోసారి అసలు లేనే లేడు. పోనీ మధ్యలో 0.5 పెడదామంటే రెండు దోషాలూ కలిసి వస్తున్నాయి. బూడిదరంగు బొమ్మ, అందులో వంకర బెంచీ.

సరైన అంకె ఏది? లేక స్కెచ్‌లోనే ఏదైనా లోపం ఉందా?

కోనసీమ_కుర్రాడు

స్ట్రెంగ్త్ అంటే ఎంత శాతం మార్చాలో చెప్పే అంకె. 0.5 అంటే సగం మీ బొమ్మ, సగం మోడల్ బొమ్మ. 0.45 నుంచి 0.6 దాకా 0.01 చొప్పున పెంచుకుంటూ వెళ్లండి, ఎక్కడో ఒకచోట కుదురుతుంది. 30 స్టెప్పులు కూడా తక్కువే, 80 పెట్టండి.

తాతగారి_రేడియో

ఇలాంటిదే నాకూ కావాలి. మా నాన్నగారి పాత ఫొటో ఒకటి ఉంది, దాన్ని పెన్సిల్‌తో గీసినట్టు మార్చాలి. ఫోనులోనే అయ్యే పద్ధతి ఉంటే చెప్పండి.

బెజవాడ_బిట్స్

రేడియో గారూ, మీకు కావలసింది దీనికి తిరగేసిన పని. దానికి మోడల్ కూడా అక్కర్లేదు, ఫొటోలు దిద్దే యాప్‌లలో పెన్సిల్ ఫిల్టర్ ఉంటుంది. నాన్నగారి ముఖం మారకుండా ఉండాలంటే అదే నయం.

కుర్రాడు గారూ, స్టెప్పుల మాటకు నా అభ్యంతరం. ఇమేజ్-టు-ఇమేజ్‌లో మీరు పెట్టిన స్టెప్పులన్నీ నడవవు. స్ట్రెంగ్త్‌తో గుణిస్తే వచ్చేన్ని మాత్రమే నడుస్తాయి. నేను పైథాన్‌లో డిఫ్యూజర్స్ లైబ్రరీ వాడతాను. అక్కడ లెక్క సూటిగా కనిపిస్తుంది:

```python
out = pipe(prompt=p, image=sketch,
           strength=0.55, num_inference_steps=40,
           guidance_scale=7).images[0]
# 40 * 0.55 = 22
```

ముక్క గారి 0.3 దగ్గర 30 స్టెప్పులకు నడిచేవి తొమ్మిదో పదో. అందుకే ఆ బొమ్మ మసకగా, సగంలో వదిలేసినట్టు ఉండొచ్చు. స్టెప్పులు పెంచితే ఆ మసక కొంత పోతుంది. కానీ బెంచీ మళ్లీ మంచం కాదు, బూడిదరంగు పోదు. ఆ రెండింటికీ స్టెప్పులతో సంబంధం లేదు.

రాత్రిషిఫ్టు

"సగం మీది, సగం దానిది" అనే మాట దగ్గర కాస్త ఆగాలి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మోడల్ మీ స్కెచ్‌ను చూసి దాని మీద రంగు పూయదు. ముందుగా స్కెచ్ మీద నాయిస్ చల్లుతుంది. స్ట్రెంగ్త్ ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ చల్లుతుంది. ఆ తర్వాత ప్రాంప్ట్‌ను ఆధారం చేసుకుని ఆ నాయిస్‌ను తీసేస్తూ వస్తుంది. నాయిస్ కింద మీ బొమ్మలో ఏమి మిగిలిందో అదే దానికి దారి చూపుతుంది. మునిగిపోయినదాన్నంతా అది సొంతంగా ఊహించుకుంటుంది.

స్టేబుల్ డిఫ్యూజన్ 1.5లో నాయిస్ పెరిగే తీరు సమానంగా ఉండదు. మామూలు అమరికతో లెక్క వేస్తే 0.35 చుట్టుపక్కలే నాయిస్ మీ బొమ్మతో సమానం అవుతుంది. 0.5 దగ్గర మీ బొమ్మ పాలు 0.53, నాయిస్ పాలు 0.85. 0.75కి వచ్చేసరికి మీది 0.24 మాత్రమే. కాబట్టి 0.5 అంటే సగం కాదు, అప్పటికే నాయిస్‌ది పైచేయి.

ఇక అసలు సంగతి. నాయిస్ అన్నింటినీ ఒకేసారి ముంచదు. వరద వచ్చినప్పుడు ముందు మునిగేది ఒడ్డున ఉన్న గడ్డి, చివరిదాకా కనిపించేది కొండ. బొమ్మలో సన్నని గీతలు ఆ గడ్డి, పెద్ద పెద్ద రంగు మచ్చలు ఆ కొండ. ఇప్పుడు మీ పెన్సిల్ స్కెచ్‌ను తలచుకోండి. అందులో మీకు ముఖ్యమైనవన్నీ సన్నని గీతలే: మంచం పట్టెలు, నులక అల్లిక, చేట అంచు, పిల్లవాడి చేయి. అందులో ఉన్న ఒకే ఒక్క పెద్ద మచ్చ తెల్ల కాగితం. అంటే మీరు కాపాడాలనుకున్నది మొదట పోతోంది, వదిలించుకోవాలనుకున్నది చివరిదాకా నిలుస్తోంది. 0.5 దగ్గర రెండు దోషాలూ కలిసి కనిపించడానికి కారణం ఇదే. గీతలు మునిగిపోయి మంచం బెంచీ అయింది. కాగితం మునగలేదు కాబట్టి బొమ్మంతా పాలిపోయి బూడిదగా ఉంది.

అందుకని మీ స్కెచ్‌కు సరైన అంకె ఏదీ లేదు. 0.01 చొప్పున వెతికినా దొరకదు. స్కెచ్‌లో పెద్ద మచ్చలు ఉండేలా చేసి అప్పుడు ఇవ్వాలి.

పెన్సిల్_ముక్క

ఇప్పుడు అర్థమైంది. పెద్ద మచ్చలు అంటే షేడింగా? పెన్సిల్‌తో నీడలు వేసి ఇస్తే సరిపోతుందా?

రాత్రిషిఫ్టు

నీడలు కొంతవరకు పనికొస్తాయి, కానీ రంగు రాదు. పెన్సిల్ నీడ బూడిదరంగు మచ్చ కాబట్టి మోడల్ దాన్నీ బూడిదగానే నిలబెడుతుంది. రంగు మచ్చలు వేయండి. క్రిటాలో గానీ జింప్‌లో గానీ స్కెచ్‌ను పై లేయర్‌లో ఉంచి దాని మోడ్ Multiply చేయండి. కాగితం తెలుపు మాయమై గీతలు మాత్రం మిగులుతాయి. కింద ఇంకో లేయర్‌లో రంగులు పరచండి. నేలకు మట్టిరంగు, చీరకు ఒక ఆకుపచ్చ, చెట్టు గుబురుకు రెండు ఆకుపచ్చలు, మంచం కింద ముదురు నీడ. అందంగా ఉండక్కర్లేదు, అంచులు దాటినా ఫర్వాలేదు. కానీ వెలుగు ఎటునుంచి వస్తోందో మాత్రం తప్పకుండా తెలియాలి. తెల్లగా వదిలిన చోటు ఒక్కటి కూడా ఉండకూడదు, ఆకాశంతో సహా.

ఈ పద్ధతికి మూలమైన SDEdit పరిశోధన పత్రం 2021లో వచ్చింది. అందులో చూపించిన స్కెచ్‌లు కూడా రంగు పట్టీలతో వేసినవే. ముతక కుంచెతో నాలుగు రంగులు పూసి ఇస్తే అది ఫొటోగా మారుతుంది. ఒట్టి గీతల బొమ్మ ఈ పద్ధతికి మొదటి నుంచీ సరిపడే సరుకు కాదు.

సిరాచుక్క

నేను చేత్తో బొమ్మలు వేసేవాణ్ని. ఇది చదువుతుంటే ఒక మాట అనాలనిపిస్తోంది. గీత మీరే గీశారు. రంగులు ఎక్కడెక్కడో మీరే నిర్ణయించారు. వెలుగు ఎటునుంచో మీరే చెప్పారు. ముప్పాతిక పని అయిపోయింది. మిగిలిన పావు పని కూడా మీరే చేస్తే ఆ బొమ్మ పూర్తిగా మీదవుతుంది. ఆ పావు పని కోసం మంచాన్ని బెంచీ చేసే యంత్రం చేతిలో ఎందుకు పెట్టాలి?

పెన్సిల్_ముక్క

సిరాచుక్క గారూ, నాకు గీత వచ్చు, రంగు అంతగా రాదు. చెట్టు కింద నేల మీద ఆకుల సందుల్లోంచి పడే ఎండ మరకలు నాకు ఎప్పుడూ కుదరవు. పత్రిక వాళ్లతో ముందే మాట్లాడాను. స్కెచ్ నాది, రంగుకు ఈ సాధనం వాడతానని చెప్పి ఒప్పించాను. బొమ్మ కింద ఆ మాట వేస్తారు కూడా.

సిరాచుక్క

చెప్పి చేస్తున్నారు కాబట్టి ఆ విషయంలో నాకు పేచీ లేదు. రంగు విషయంలో నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఎండ మరకలు కుదరకపోతే రోజూ మధ్యాహ్నం చెట్టు కిందకు వెళ్లి చూసి వేయడమే దానికి మందు.

కోనసీమ_కుర్రాడు

రాత్రిషిఫ్టు గారు చెప్పినది బాగుంది కానీ ఇంత చుట్టు తిరుగుడు ఎందుకు? కంట్రోల్‌నెట్ ఉందిగా. లైనార్ట్ మోడల్ పెడితే గీతలు పోనే పోవు. స్ట్రెంగ్త్ 1 పెట్టినా మీ గీతల మీదే రంగులు వస్తాయి. రంగులు పరిచే పనే ఉండదు.

రాత్రిషిఫ్టు

కంట్రోల్‌నెట్ మంచి మార్గమే, 2023లో అది వచ్చాకే గీతల బొమ్మలకు ఊపిరి ఆడింది. అక్కడ గీతలు నాయిస్‌లో మునిగే బొమ్మలో భాగంగా వెళ్లవు. వేరే దారిలో ప్రతి స్టెప్పులోనూ మోడల్‌కు అందుతూనే ఉంటాయి. అందుకే స్ట్రెంగ్త్ 0.8 దాటినా ఆకారం నిలుస్తుంది. ఇందులో కుర్రాడు గారి మాట నిజం.

కానీ లైనార్ట్‌కు శుభ్రమైన గీత కావాలి. ముక్క గారిది పెన్సిల్ ముసాయిదా. అందులో తలకు ముందు గీసుకున్న గుండ్రం, భుజాన్ని వెతుకుతూ గీసిన నాలుగు గీతలు, చెరిపినా మిగిలిన జాడలు అన్నీ ఉంటాయి. మనకు అవి ముసాయిదా గీతలని తెలుసు, లైనార్ట్‌కు తెలియదు. ప్రతి గీతనూ అది ఒక వస్తువుగానే తీసుకుంటుంది.

లత_ఎం

ఇది నేను కళ్లారా చూశాను! ఒక స్త్రీమూర్తి తల చుట్టూ ముందుగా గీసిన గుండ్రాన్ని అది మేలిముసుగు చేసింది. మోచేయి దగ్గర రెండుసార్లు గీసిన గీతను గాజులుగా మార్చింది. గాజులు బాగానే ఉన్నాయని ఉంచేశాను కానీ ముసుగు మాత్రం ఎంతకీ పోలేదు.

బెజవాడ_బిట్స్

ఇంకో చిక్కు కూడా ఉంది. కంట్రోల్‌నెట్ లైనార్ట్‌కు కావలసింది నల్లటి నేల మీద తెల్లటి గీతలు. మన కాగితం దానికి తలకిందులు. ప్రీప్రాసెసర్ దగ్గర none పెట్టి స్కెచ్‌ను అలాగే ఇస్తే కాగితమంతా ఒకే పెద్ద గీత అనుకుంటుంది. బొమ్మ ముద్దముద్దగా, చీకటి చీకటిగా వస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే. ప్రీప్రాసెసర్‌లో `invert (from white bg & black line)` ఎంచుకుంటే చాలు. లేదా `lineart_standard` పెడితే తిరగేసే పని కూడా అదే చూసుకుంటుంది.

రాత్రిషిఫ్టు

అవును. లత గారి ముసుగుకు రెండు దారులున్నాయి. ఒకటి, స్కెచ్ మీద పలుచని కాగితం పెట్టి, అసలు గీతలను మాత్రం పెన్నుతో ఎత్తి రాసి, దాన్ని లైనార్ట్‌కు ఇవ్వడం. రెండు, లైనార్ట్ బదులు scribble మోడల్ వాడి, Control Weight 0.6 దాకా తగ్గించి, Ending Control Step 0.7 పెట్టడం. అప్పుడు చివరి 30 శాతం స్టెప్పుల్లో గీతల పట్టు సడలిపోతుంది. ఆకారం అప్పటికే కుదిరి ఉంటుంది, అంచులు మాత్రం మోడల్ సర్దుకుంటుంది. నాకు మొదటిదే ఇష్టం. ఎత్తి రాసేటప్పుడు ఏ గీత అసలైనదో మనమే తేల్చుకుంటాం.

రంగుల విషయానికి వస్తే కంట్రోల్‌నెట్ గీతను కాపాడుతుంది కానీ రంగును కాపాడదు. చీర ఆకుపచ్చ కావాలని ప్రాంప్ట్‌లో రాస్తే ఆ పచ్చ పిల్లవాడి చొక్కాకూ చేటకూ పాకుతుంది. కింద రంగులు పరిచి, పైన లైనార్ట్ పెట్టి, స్ట్రెంగ్త్ 0.6 - 0.7 వాడితే రెండూ నిలుస్తాయి.

కోనసీమ_కుర్రాడు

రంగు పాకడం నాకూ ఎదురవుతూనే ఉంది. సీఎఫ్‌జీ తగ్గిస్తే పోతుందని అనుకుంటూ వచ్చాను. అయినా ఒకే మనిషి ఉన్న బొమ్మకు రంగులు పరచకపోయినా నడుస్తుందని నా నమ్మకం.

లత_ఎం

నా పని వేరు, కానీ అడిగేస్తాను. చీరల అంచుకు డిజైన్లు గీస్తాను. హంస, తీగ, మళ్లీ హంస. ఎడమ కుడి ఒకేలా ఉండాలి. ఇమేజ్-టు-ఇమేజ్‌కు ఇస్తే ఎడమ హంసకు ఒక తోక, కుడి హంసకు ఇంకో తోక వస్తోంది. స్ట్రెంగ్త్ ఎంత తగ్గిస్తే సమానంగా వస్తాయి?

బెజవాడ_బిట్స్

ఎంత తగ్గించినా రావు. చల్లే నాయిస్ ఎడమ వైపు ఒకలా, కుడి వైపు ఒకలా ఉంటుంది కాబట్టి రెండు వైపులా వేర్వేరు ఊహలే పుడతాయి. సగం డిజైన్ మాత్రమే ఇచ్చి, ఫలితాన్ని జింప్‌లో అద్దంలా తిప్పి పక్కన అతికించండి. అతుకు మీదకు తీగ వచ్చేలా చూసుకుంటే కనిపించదు.

లత_ఎం

అతుకు మీద తీగ! దీన్ని ఈ వారమే చేసి చూస్తాను.

పెన్సిల్_ముక్క

చేసి చూశాను. ఏమి జరిగిందో వివరంగా రాస్తాను, ఇదే చిక్కులో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

మొదట ఫొటోను శుభ్రం చేశాను. నా ఫొటోలో కుడి కింది మూల ఫోను నీడ పడి ఉంది, కాగితం మొత్తం కాస్త పసుపుగా ఉంది. జింప్‌లో రంగు తీసేసి, లెవెల్స్‌లో తెలుపు ముల్లును ఎడమకు జరిపితే కాగితం తెల్లబడింది, కానీ మూల నీడ పూర్తిగా పోలేదు. అక్కడ తెల్ల కుంచెతో తుడిచాను. మొదటి ఫలితాల్లో ఆ మూల ఎప్పుడూ ఏదో పొద లాంటిది మొలుస్తుండేది. ఆ పొద ఈ నీడలోంచే వచ్చిందని ఇప్పుడు తెలిసింది.

తర్వాత రాత్రిషిఫ్టు గారు చెప్పినట్టు కింద రంగులు పరిచాను. ఎండ ఎడమ పైనుంచి. 0.55 పెట్టి నడిపితే మొట్టమొదటిసారి నా బొమ్మ నాకు కనిపించింది. మంచం మంచంలాగే ఉంది, చీర ఆకుపచ్చగానే ఉంది, నేల మీద ఎండ మరకలు నేను ఎప్పటికీ వేయలేనంత బాగా వచ్చాయి.

మూడు చిక్కులు మిగిలాయి. మంచం ఉంది కానీ నులక అల్లిక లేదు, దాని బదులు ఏదో బల్ల చెక్కలాంటిది వచ్చింది. అమ్మమ్మ ముఖం కరిగిన మైనంలా ఉంది. చీర ఆకుపచ్చగా ఉన్నా, ప్లాస్టిక్ కాగితం చుట్టినట్టు చదునుగా ఉంది.

రాత్రిషిఫ్టు

చీర సంగతి ముందు చెబుతాను. కంప్యూటర్‌లో పోసిన రంగు పూర్తిగా చదును, అందులో ఏ హెచ్చుతగ్గూ ఉండదు. 0.55 దగ్గర ఆ చదునుతనం చాలావరకు నిలిచిపోతుంది. చీర మీద ముతక కుంచెతో మడతలు పడే దిశలో ముదురు, లేత పట్టీలు నాలుగు గీయండి. తర్వాత జింప్‌లో ఆ లేయర్‌కు కొంచెం నాయిస్ ఫిల్టర్ కలపండి. ఆ గరుకుతనాన్ని మోడల్ బట్ట నేతగా మార్చుకుంటుంది.

ముఖం, నులక రెండింటికీ కారణం ఒకటే. మోడల్ మీ బొమ్మను పిక్సెళ్లుగా చూడదు. ముందు దాన్ని పొడవులోనూ వెడల్పులోనూ ఎనిమిదో వంతుకు కుదిస్తుంది. 768x512 బొమ్మ లోపల 96x64 గళ్లు అవుతుంది. అమ్మమ్మ ముఖం మీ బొమ్మలో ఎన్ని పిక్సెళ్లు ఉంది?

పెన్సిల్_ముక్క

కొలిచాను. గడ్డం నుంచి నుదుటి దాకా 56.

రాత్రిషిఫ్టు

అంటే ఏడు గళ్లు. ఏడు గళ్ల ఎత్తులో రెండు కళ్లు, ముక్కు, బొట్టు, ముడతలు ఇరికించాలి. ఏ స్ట్రెంగ్త్‌కూ అది సాధ్యం కాదు.

Inpaint ట్యాబ్‌లోకి వెళ్లండి. ముఖం మీద, జుట్టు కొంచెం కలిసేలా, మాస్క్ పూయండి. Inpaint area దగ్గర `Only masked` పెట్టండి, Masked content దగ్గర `original` ఉంచండి, సైజు 512x512. అప్పుడు ఆ ముఖం చుట్టూ ఉన్న ముక్కను మాత్రం కోసి, పెద్దది చేసి, దాని మీద పని చేసి, మళ్లీ చిన్నది చేసి అతికిస్తుంది. స్ట్రెంగ్త్ 0.4 - 0.45 చాలు. ప్రాంప్ట్‌లో చెట్టు, మంచం, మనవడు అన్నీ తీసేసి ముసలామె ముఖం గురించి మాత్రమే రాయండి. తీయకపోతే ఆమె నుదుటి మీద చిన్న మనవడు పుట్టుకొస్తాడు.

లత_ఎం

నుదుటి మీద మనవడు! అమ్మమ్మలు పిల్లల్ని నెత్తిన పెట్టుకుంటారని దానికీ తెలిసిపోయింది.

బెజవాడ_బిట్స్

నులక విషయంలో ప్రాంప్ట్ కూడా చూసుకోండి. తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 1.5 మోడల్‌కు ఏమీ తట్టదు. `charpoy, woven rope cot` అని రాస్తే కొంత పట్టుకుంటుంది.

సిరాచుక్క

నులక అల్లిక యంత్రం వేయలేదు. ఎలా వేస్తుంది? మంచం అల్లేటప్పుడు నులక జంటలుగా పోతుంది, ఒక జంట పైన, ఒక జంట కింద. కాళ్ల వైపు అల్లిక ఆగిపోయి, అక్కడ పట్టెకు వేరే తాడు బిగిస్తారు. ఆ బిగింపు తాడు లేకపోతే పల్లెలో పుట్టిన పిల్లవాడు కూడా ఇది మంచం కాదంటాడు. మీ స్కెచ్‌లో అది ఉందా?

పెన్సిల్_ముక్క

ఉంది! కాళ్ల వైపు బిగింపు తాడు ఏడు మెలికలుగా గీశాను. ఫలితంలో అది మొత్తం పోయింది.

సిరాచుక్క

అయితే దాన్ని యంత్రానికి వదలకండి. మీ అసలు గీతల లేయర్ ఉందిగా, దాన్ని పూర్తయిన రంగుబొమ్మ మీద మళ్లీ Multiply లో పెట్టండి. మంచం దగ్గర మాత్రం గీతలను నిండుగా ఉంచి, మిగతా చోట్ల పలుచన చేయండి. అల్లిక మీ చేతిదే ఉంటుంది, దాని కింద ఎండ మాత్రం యంత్రానిది. పిల్లల బొమ్మకు గీత కనిపించడమే అందం.

రాత్రిషిఫ్టు

సిరాచుక్క గారి సలహా నా Inpaint కన్నా మంచిది. నేనైతే అల్లికను మందమైన గోధుమరంగు పట్టీలుగా వేసి, మంచాన్ని వేరుగా Inpaint చేయమని చెప్పేవాణ్ని. అలా చేస్తే అల్లికలాంటిది వస్తుంది కానీ జంటల లెక్క తప్పుతుంది. గీతను తిరిగి పైన పెడితే ఆ బాధ లేదు. ఒక్క జాగ్రత్త, రంగుబొమ్మలో మంచం కాస్త పక్కకు జరిగి ఉంటే గీత, రంగు రెండు నీడల్లా కనిపిస్తాయి. అందుకే స్ట్రెంగ్త్ 0.55 దాటించకండి, లేదా పైన లైనార్ట్ పెట్టండి.

కోనసీమ_కుర్రాడు

సీడ్ మార్చకుండా 0.45తో ఒకటి, 0.6తో ఒకటి తీసి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, మంచం దగ్గర 0.45ది, చెట్టు దగ్గర 0.6ది కనిపించేలా చెరపడం నేను చేస్తుంటాను. ఇక్కడ అదీ పనికొస్తుంది కదా?

రాత్రిషిఫ్టు

చక్కగా పనికొస్తుంది. ఒకే సీడ్ కాబట్టి వెలుగు, రంగు దాదాపు కలిసిపోతాయి. బొమ్మంతటికీ ఒకే స్ట్రెంగ్త్ ఉండాలన్న నియమం లేదు. చెట్టు ఎలా మారినా చెట్టే, మంచం మాత్రం మారకూడదు.

పెన్సిల్_ముక్క

ముఖం కుదిరింది. 0.42 దగ్గర కళ్లు, బొట్టు చక్కగా వచ్చాయి. 0.5 దాటితే అమ్మమ్మ నలభై ఏళ్ల మనిషి అయిపోతోంది, ముడతలన్నీ పోతున్నాయి. మంచానికి సిరాచుక్క గారి పద్ధతే వాడాను. బిగింపు తాడు ఏడు మెలికలూ తిరిగి వచ్చాయి. మంచం కింద నీడ మీద నా పెన్సిల్ గరుకు కనిపించడం చాలా నచ్చింది.

ఇప్పుడు అచ్చు సంగతి. పత్రికలో ఆరు అంగుళాల వెడల్పున వేస్తారట.

బెజవాడ_బిట్స్

300 డీపీఐ అంటే 1800 పిక్సెళ్లు కావాలి, మీ దగ్గర 768 ఉన్నాయి. గీతల లేయర్‌ను ఇంకా కలపకుండా, రంగుబొమ్మను మాత్రమే SD upscale స్క్రిప్టుతో పెద్దది చేయండి. అది బొమ్మను పలకలుగా కోసి ఒక్కో పలక మీద ఇమేజ్-టు-ఇమేజ్ నడుపుతుంది. స్ట్రెంగ్త్ 0.2 - 0.25 దాటనివ్వకండి. 0.4 పెడితే ఒక్కో పలక తానే పూర్తి బొమ్మ అనుకుంటుంది. ఆకుల గుబురులో చిన్న చిన్న అమ్మమ్మలు కూర్చుంటారు. ప్రాంప్ట్‌లోంచి మనుషుల్ని తీసేయడం కూడా మంచిది. గీతలను మాత్రం కాగితం నుంచి 600 డీపీఐలో మళ్లీ స్కాన్ చేసి, పెద్దదైన రంగుబొమ్మ మీద పెట్టండి. ఫొటో గీతను పెద్దది చేస్తే మసక వస్తుంది.

పెన్సిల్_ముక్క

ఊళ్లో జిరాక్స్ షాపులో స్కానర్ ఉంది, రేపు వెళ్తాను.

ఇంకో ప్రశ్న మిగిలింది. కథకు మొత్తం నాలుగు బొమ్మలు. ఈ అమ్మమ్మే నాలుగింట్లోనూ కనిపించాలి. రెండో బొమ్మకు అదే సీడ్ పెట్టాను, అయినా ముఖం వేరే మనిషిది.

కోనసీమ_కుర్రాడు

సీడ్ ఒకటే అయితే ముఖం ఒకటే రావాలి కదా?

రాత్రిషిఫ్టు

రాదు. సీడ్ నిర్ణయించేది ఏ చోట ఏ నాయిస్ పడాలన్నది మాత్రమే. రెండో స్కెచ్‌లో ముఖం వేరే చోట ఉంది, కాబట్టి దాని మీద పడేది వేరే నాయిస్. ఒకే మనిషిని నిలబెట్టడానికి ఐపీ-అడాప్టర్‌లో మొదటి ముఖాన్ని నమూనాగా ఇవ్వొచ్చు. ఫొటో ముఖాలకు అది బాగా పని చేస్తుంది కానీ గీతల బొమ్మల్లో ముఖం ఒకలా, వయసు ఒకలా వస్తుంటుంది. చిన్న లోరా తయారు చేద్దామంటే ఒక్క ముఖంతో కుదరదు, పదీ ఇరవై బొమ్మలు కావాలి.

సిరాచుక్క

నాలుగు ముఖాలే కదా. మిగతాదంతా దానికి వదిలి, ముఖాలు మీరు వేయండి. మీ స్కెచ్‌లో ఆమె ముక్కు కొంచెం వంకరగా ఉంది. ఆ వంకర నాలుగింట్లోనూ ఉంటే పిల్లలు గుర్తుపడతారు.

బెజవాడ_బిట్స్

నేను ఐపీ-అడాప్టర్ వైపే ఉన్నాను. మొదటి ముఖాన్ని నమూనాగా ఇచ్చి, వెయిట్ 0.5 పెట్టి, ముఖం మీద మాత్రం Inpaint 0.45తో నడిపి చూడండి. కుదరకపోతే అప్పుడు సిరాచుక్క గారి మాట.

పెన్సిల్_ముక్క

రెండో బొమ్మకు రెండూ చేస్తాను, ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఇక్కడే చూపిస్తాను. స్కెచ్ ఇంకా కాగితం మీదే ఉంది. అందులో అమ్మమ్మ బావి గట్టు మీద కూర్చుని ఉంటుంది, గిలకకు తాడు.

లత_ఎం

గిలక బండి చక్రం కాకుండా చూసుకోండి!